చిట్టా ఉంది, ఆవర్జా లేదు: యంత్రం రాసిన ఒక గ్రామ చరిత్రలో దారితప్పుడు, వైరుధ్యం, పునరుక్తి

యంత్రం రాసిన తెలుగు మీద వస్తున్న పరిశీలనలతో నాకున్న పేచీ ఒక్కటే. అవి వాక్యం దగ్గరే ఆగిపోతున్నాయి. కర్తకు క్రియ కుదిరిందా, విభక్తి సరిగ్గా పడిందా, అనువాదపు వాసన వస్తోందా అని చూసి మార్కులు వేస్తున్నాయి. ఈ పరీక్షలో ఇప్పటి భాషా నమూనాలు బాగానే నెగ్గుతున్నాయి. రెండో పేజీలో ఒప్పుకున్న సంగతిని ఎనిమిదో పేజీలో కాదనడం, మూడో పేజీలో చెప్పిందాన్నే ఆరో పేజీలో కొత్తగా చెప్పడం ఈ పరీక్షకు అందవు. విడివిడిగా ఏ వాక్యంలోనూ తప్పుండదు. తప్పంతా రెండు వాక్యాల మధ్య ఉంటుంది.

ఈ వ్యాసానికి ఆధారం సంగం జాగర్లమూడి మీద రాయించిన ఒక గ్రామ చరిత్ర. తెనాలి ప్రాంతపు ఊళ్ల చరిత్రలు సేకరించే పనిలో ఇది నా దగ్గరికి పరిశీలనకు వచ్చింది. పది విభాగాలు, సుమారు 2,500 మాటలు. భాషా నమూనాతో ఒకే దఫాలో రాయించామని తెచ్చినవారే చెప్పారు. తొలిసారి చదివినప్పుడు ఎక్కడా పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. అన్ని విభాగాల్లోని ఊళ్ల పేర్లనూ సంవత్సరాలనూ ఒక కాగితం మీదికి ఎత్తిరాసుకున్నాకే అసలు సంగతి బయటపడింది.

ఇలా ముందు చెప్పినదానితో పొసగకుండా రాయడానికి సాధారణంగా వినిపించే వివరణ జ్ఞాపకం చాలకపోవడం. పాఠం పెరిగేకొద్దీ మొదట్లో రాసింది నమూనాకు అందకుండా పోతుందనీ, సందర్భపు కిటికీ పెద్దదైతే జబ్బు నయమవుతుందనీ అంటారు. ఈ వాదం చేసేవారంతా చూపించేది లియు, ఆయన సహచరులు 2023లో వెలువరించిన 'లాస్ట్ ఇన్ ది మిడిల్' పత్రాన్నే. కావలసిన జవాబు పొడవైన పాఠం మొదట్లోనో చివర్లోనో ఉంటే నమూనాలు పట్టుకుంటున్నాయి, నడుమ ఉంటే జారవిడుస్తున్నాయి అని అందులో తేలింది. ఆ ఫలితాన్ని నేను కాదనను. కానీ వాళ్లు పరీక్షించింది చదవడాన్ని, రాయడాన్ని కాదు. పది, ఇరవై, ముప్పై పత్రాలు ముందు పెట్టి, వాటిలో ఒకదానిలో ఉన్న జవాబు అడిగారు. అక్కడి పాఠం ఇతరులు రాసింది, మారనిది. దీర్ఘ రచనలో నమూనా చదువుకుంటున్నది తాను అప్పుడే రాసిన పాఠాన్ని. ఈ రెంటినీ ఒకే గాట కట్టడం దగ్గరే చిక్కంతా మొదలైంది.

లెక్క వేసి చూసినా జ్ఞాపకం వాదం నిలవదు. తెలుగు లిపికి కిటికీలో చోటు ఎక్కువ పడుతుందన్నది నిజమే. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు. 'జాగర్లమూడి'లో ఒత్తులూ గుణింతాలూ కలిపి పది సంకేతాలు, అంటే 30 బైట్లు. తెలుగును సరిగ్గా నేర్వని టోకెనైజర్ ఈ మాటను చాలా ముక్కలు చేస్తుంది. ఉదారంగా మాటకు పది టోకెన్ల చొప్పున వేసుకున్నా 2,500 మాటలకు 25,000 టోకెన్లు. 1,28,000 టోకెన్ల కిటికీ ఉన్న నమూనాకు ఇది అయిదో వంతు కూడా కాదు. మొదటి విభాగం మొదటి వాక్యం చివరిదాకా దాని కళ్ల ముందే ఉంది. అయినా ఊరు దారి తప్పింది.

ఎలా తప్పిందో చూద్దాం. మొదటి విభాగంలో సంగం జాగర్లమూడి గుంటూరు జిల్లా తెనాలి మండలంలోని గ్రామమని సరిగ్గానే ఉంది. వెంటనే 'ఇక్కడ ప్రధాన పంట వరి' అని వస్తుంది. ఇక్కడ అంటే ఆ ఊళ్లోనే. నాలుగో విభాగం సంస్కృతి గురించి. 'తెనాలి ప్రాంతం రంగస్థల కళలకు పేరుపొందింది. ఇక్కడి నుంచి ఎందరో రచయితలు వచ్చారు' అని రాసింది. ఇక్కడ అన్నది ఊరి నుంచి పట్నానికి జరిగింది. వాక్యం మాత్రం నిర్దుష్టం. ఏడో విభాగానికి వచ్చేసరికి 'ఈ గ్రామానికి చెందిన కొడవటిగంటి కుటుంబరావు' అయింది. ఆయన 1909లో పుట్టింది తెనాలిలో. నాలుగో విభాగం కూడా ఆయన్ను ఈ ఊరివాడని చెప్పలేదు. నాలుగులో జరిగిన చిన్న జరుగుబాటును ఏడో విభాగం ఒప్పుకున్న సంగతిగా తీసుకుంది. మొత్తం పాఠంలో దేన్నీ మరిచిపోయిన దాఖలా లేదు. పైగా నాలుగో విభాగాన్ని అది మరీ బాగా గుర్తుపెట్టుకుంది.

జిల్లా సంగతి ఇంతకన్నా ఆసక్తికరం. రెండో విభాగంలో 'తెనాలి, రేపల్లె గుంటూరు జిల్లాలోని పట్టణాలు' అని ఉంది. ఎనిమిదిలో 'పొరుగున బాపట్ల జిల్లాలో ఉన్న రేపల్లె' అని ఉంది. తొమ్మిదిలో తెనాలి కూడా బాపట్ల జిల్లాకు వెళ్లిపోయింది. మొదటి రెండు మాటలూ అబద్ధం కావు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగేదాకా రేపల్లె గుంటూరు జిల్లాలోనిదే. ఆ రోజు నుంచి బాపట్ల జిల్లాలోనిది. తెనాలి మాత్రం గుంటూరులోనే ఉండిపోయింది. నమూనా నేర్చుకున్న పాఠాల్లో విభజనకు ముందు రాసినవీ తరవాత రాసినవీ తేదీ లేకుండా కలగలిసి ఉంటాయి. ఏ విభాగంలో ఏ పక్కకు మొగ్గు ఉంటే అది పైకి వచ్చింది. మూడో మాటకు మూలమే లేదు. ఎనిమిదో విభాగంలో బాపట్ల పేరు పదేపదే రావడంతో తొమ్మిదో విభాగంలో తెనాలి పక్కన కూడా ఆ పేరే అమరింది. వైరుధ్యాలన్నిటినీ భ్రమలుగా జమకట్టేవారు గమనించని తేడా ఇది. మొదటిది రెండు కాలాల నిజాలు ఢీకొనడం, రెండోది సాన్నిహిత్యం వల్ల పుట్టిన అబద్ధం. మొదటిదాన్ని తేదీ వేసి సరిదిద్దవచ్చు. రెండోదాన్ని కొట్టివేయడమొక్కటే దారి.

ఇక పునరుక్తి. మూడో విభాగం 'పాడి', ఆరోది 'ఆర్థిక వ్యవస్థ', పదోది 'ముగింపు'. మూడింటిలోనూ సంగం డెయిరీ ఉంది. మూడింటిలోనూ దాన్ని పాఠకుడికి అప్పుడే పరిచయం చేస్తున్నట్టు 1977లో మొదలైందని రాసి ఉంది. మూడోదానిలో అది సహకార సంస్థ, ఆరోదానిలో ప్రొడ్యూసర్ కంపెనీ. ఇదీ రెండు కాలాల నిజమే. సహకార సంఘంగా మొదలై తరవాత కంపెనీ అయిన సంగతిని ఒక్క వాక్యంలో చెబితే చరిత్ర అయ్యేది. రెండు చోట్ల పరిచయం చేయడంతో వైరుధ్యమైంది. డెయిరీ ప్రధాన కేంద్రం వడ్లమూడిలో ఉందన్న ముక్క ఒక్క ఆరో విభాగంలోనే కనిపిస్తుంది.

హోల్ట్‌జ్‌మన్ బృందం 2019లోనే పునరుక్తి మీద పనిచేసింది. ప్రతి అడుగులోనూ అత్యధిక సంభావ్యత ఉన్న మాటనే ఎంచుకుంటూ పోతే పాఠం ఒకే పదబంధం చుట్టూ తిరుగుతుందనీ, తిరిగినకొద్దీ మళ్లీ తిరిగే సంభావ్యత పెరుగుతుందనీ చూపించింది. అందుకు వాళ్లిచ్చిన మందు, సంభావ్యతలో పైనున్న కొన్ని మాటల గుంపులోంచి యాదృచ్ఛికంగా ఎంచుకోవడం. ఆ మందు పదాల పునరుక్తిని బాగా తగ్గించింది. విషయాల పునరుక్తిని తగ్గించలేదు, దాచింది. డెయిరీ పరిచయం మూడుసార్లూ వేర్వేరు మాటల్లో ఉంది కాబట్టే తొలి చదువులో నాకు దొరకలేదు. పదాలను పోల్చే ఏ కొలమానానికీ అది దొరకదు.

అసలు కారణం నా ఉద్దేశంలో ఇది. పాత వ్యాపారులు ఏ రోజు లావాదేవీ ఆ రోజు చిట్టాలో రాసి, తరవాత మనిషి పేరుకింద ఆవర్జాలోకి ఎక్కించేవారు. ఎవరి బాకీ ఎంతో తెలియాలంటే ఆవర్జా తిప్పాలి. భాషా నమూనా దగ్గర ఉన్నది చిట్టా మాత్రమే. రాసిందంతా రాసిన వరసలో ఉంటుంది. రేపల్లె పేరుకింద ఏమేం ఒప్పుకున్నాం, డెయిరీని ఇప్పటికే పరిచయం చేశామా అన్న ఖాతా విడిగా ఉండదు. తరవాతి మాటను ఎంచేటప్పుడు దగ్గరి పేరాల ఒరవడి, విభాగం శీర్షిక బలంగా లాగుతాయి. 'ఆర్థిక వ్యవస్థ' అన్న శీర్షిక పడగానే డెయిరీ వచ్చి తీరుతుంది.

దీనికి గట్టి సాక్ష్యం 2023లో మురు జాంగ్, ఆయన సహచరుల పరిశోధనలో ఉంది. నమూనా తొలుత ఒక తప్పు జవాబు ఇచ్చి, దాన్ని సమర్థించడానికి మరో తప్పు కల్పిస్తుంది. ఆ రెండో తప్పును విడిగా తీసి నిజమా అని అడిగితే, చాట్‌జీపీటీ తన తప్పుల్లో 67 శాతాన్నీ జీపీటీ-4 తన తప్పుల్లో 87 శాతాన్నీ గుర్తుపట్టాయి. అంటే తెలియక రాయలేదు, రాసినదానికి కట్టుబడి రాసింది. మా పత్రంతోనూ అదే జరిగింది. రేపల్లె గురించిన రెండు వాక్యాలనూ పక్కపక్కన పెడితే అదే నమూనా పొసగడం లేదని వెంటనే చెప్పింది. రాస్తున్నప్పుడు వాటిని పక్కపక్కన పెట్టే పని ఎవరూ చేయలేదు.

ముందుగా ప్రణాళిక రాయిస్తే చాలన్నది ఇప్పుడు వాడుకలో ఉన్న చిట్కా. యాంగ్ బృందం 2022లో చేసిన ఆర్‌ఈ3 పద్ధతిలో ప్రణాళిక, చిత్తు, ఎంపిక, దిద్దుబాటు అన్న దశలున్నాయి. 2024 నాటి లాంగ్‌రైటర్ పని కూడా పొడవైన రచనను ముక్కలుగా విడగొట్టి రాయించడం మీదే నిలబడింది. ప్రణాళిక దారితప్పుడును ఆపుతుంది, ఒప్పుకుంటాను. పునరుక్తిని మాత్రం పెంచే ప్రమాదం ఉంది. విభాగాలను విడివిడిగా రాయిస్తే ప్రతి విభాగమూ ఊరిని మొదటి నుంచి పరిచయం చేయడానికే చూస్తుంది. ఆర్‌ఈ3 దిద్దుబాటు దశలో పాత్రల లక్షణాలకు ఖాతా ఉంచారు కానీ దానివల్ల ఒనగూడిన మెరుగు స్వల్పమని వాళ్ల లెక్కలే చెబుతున్నాయి. అది కల్పిత కథల్లోని మనుషులకు కట్టిన ఖాతా కాబట్టి ఊళ్లకూ తేదీలకూ వర్తించదని నా అభిప్రాయం.

ఈ పత్రానికి నేను కట్టిన ఆవర్జా చాలా సాదా. నాలుగు గళ్లు: పేరు, దాని గురించి చెప్పిన మాట, అది ఏ కాలానికి వర్తిస్తుంది, ఏ విభాగంలో ఉంది. 'రేపల్లె – గుంటూరు జిల్లా – 2022 ఏప్రిల్ 4కు ముందు – 2', 'రేపల్లె – బాపట్ల జిల్లా – ఆ తరవాత – 8' అని రాస్తే వైరుధ్యం దానంతటదే విడిపోయింది. 'తెనాలి – బాపట్ల జిల్లా – 9' అన్న వరసకు మూడో గడిలో రాయడానికేమీ దొరకలేదు. దొరకని వరసల్నే కొట్టివేశాం. ఒకే పేరు, ఒకే మాట, మూడు విభాగాలు అని తేలిన డెయిరీని ఒకచోట ఉంచి, సహకార సంఘం నుంచి కంపెనీ దాకా వరసగా చెప్పి, మిగతా రెండు చోట్లా తీసేశాం. 'ఇక్కడ', 'ఈ గ్రామం', 'ఈ ప్రాంతం' అన్నవాటికి ప్రతిచోటా ఊరి పేరు వేసి చదివాం. తెలుగులో కర్తను వదిలేసే వీలు ఎక్కువ కాబట్టి ఈ పని ఇంకా అవసరం. పేరు వేయగానే 'సంగం జాగర్లమూడికి చెందిన కుటుంబరావు' అన్న వాక్యం తప్పని ఆ ఊరివాళ్లే చెప్పగలిగారు. పది విభాగాల పత్రం చివరికి ఆరు విభాగాలకు కుదించుకుపోయింది. పోయిన నాలుగింటిలో కొత్త సంగతి ఒక్కటీ లేదు.

ధారావాహికలు రాసే మనుషులు కూడా పాత్రల పేర్లు మరిచిపోతారని ఎవరైనా అనవచ్చు. వాళ్లకు మరిచిపోయామన్న తెలివిడి ఉంటుంది, వెనక్కి తిప్పి చూసుకుంటారు. ఒక్క గ్రామ చరిత్రతో తేలింది ఒక్క గ్రామానికే పరిమితమని నేననుకోవడం లేదు. వాక్యం వెనక వాక్యం పేర్చుకుంటూ పోయే రచన ఏదైనా, అది యంత్రం రాసిందైనా నలుగురు పంచుకుని రాసిన కమిటీ నివేదికైనా, ఆవర్జా లేకపోతే ఈ మూడు రకాలుగానే చెడుతుంది. వాక్యాలు ఎంత చక్కగా ఉంటే అంత ఆలస్యంగా పట్టుబడుతుంది. కాబట్టి యంత్రంతో రాయించిన దీర్ఘ పత్రాన్ని ఏ సంకలనంలోనైనా చేర్చే ముందు పత్రంతోపాటు దాని ఆవర్జానూ అడగాలి. అది లేని పత్రాన్ని చిత్తుగా వాడుకోవచ్చు, ఆధారంగా ఉటంకించకూడదు.