ఆరేళ్ళ గడువు

లింగంపల్లి నుంచి గచ్చిబౌలి దాకా ఉన్న అపార్ట్‌మెంట్లలో చాలాకాలంగా వినబడే మాట ఒకటుంది: "వచ్చే ఏడాది వచ్చేస్తాడు." ఆ ఏడాది రాదు. తప్పు ఎవరిదంటే సాధారణంగా అక్కడున్న మనిషిదేనంటాం. డాలర్ల ఆశ అనో, ఇక్కడి మనిషి మీద ప్రేమ తగ్గిందనో సర్దిచెప్పుకుంటాం. నిజమైన సందర్భాలూ ఉంటాయి, కాదనను. కానీ ఈ వాయిదాకి ఒక చట్టపరమైన చరిత్ర కూడా ఉంది. అది తెలిస్తే ఆ మాటని వేరేగా వింటాం.

అమెరికా 1990లో వలస చట్టాన్ని మార్చి హెచ్-1బి వీసాని తెచ్చినప్పుడు దానికో హద్దు పెట్టింది. మూడేళ్ళు, పొడిగిస్తే ఇంకో మూడేళ్ళు, మొత్తం ఆరు. ఆలోపు గ్రీన్ కార్డు చేతికి రాకపోతే తిరిగి రావాల్సిందే. అంటే 1998 నవంబరులో సైబర్ టవర్స్ మొదలైన రోజుల్లో ఇక్కణ్ణించి వెళ్ళిన కుర్రాడు "ఆరేళ్ళు" అన్నాడంటే, ఆ లెక్క అతని మనసు మీద కాదు, అతని కాగితాల మీద ఆధారపడి ఉండేది.

ఆ హద్దుని సడలించింది 2000 అక్టోబరులో క్లింటన్ సంతకం చేసిన చట్టం. అప్పటికే గ్రీన్ కార్డు వరస పెరుగుతోంది. ఉద్యోగాల కోటాలో ఏడాదికి దాదాపు 1,40,000 కార్డులుంటే, ఏ దేశానికైనా స్థూలంగా 7 శాతమే. చిన్న దేశానికైనా ఇండియాకైనా అదే వాటా. వరసలో ఉన్నవాళ్ళని ఆరేళ్ళు నిండాయని పంపేయడం అన్యాయమని కొత్త చట్టం మినహాయింపు ఇచ్చింది. కంపెనీ వేసిన ఐ-140 అనే దరఖాస్తు ఆమోదం పొంది, దేశం కోటా వల్ల మాత్రమే కార్డు ఆగిపోతే, వీసాని మూడేళ్ళ చొప్పున పొడిగించవచ్చు. ఎన్నిసార్లు అన్నదానికి పరిమితి లేదు.

దయతో పెట్టిన నియమమే. కానీ దాంతో తిరిగొచ్చే తేదీని చట్టం చెప్పడం మానేసింది. ఇక ఆ తేదీని మనిషే చెప్పాలి.

ఒక ఊహాజనితమైన జంటని తీసుకుందాం. అతను 2006 అక్టోబరులో వెళ్ళాడు. ఆమెకి మాదాపూర్లో ఉద్యోగం. ఆమె అక్కడికి వెళ్తే హెచ్-4 మీద వెళ్ళాలి, ఆ వీసా మీద అప్పట్లో పని చేయకూడదు. కాబట్టి ఆమె ఇక్కడే ఉంది. లెక్క ప్రకారం అతను 2012 సెప్టెంబరుకి రావాలి. ఈలోపు కంపెనీ 2010 జనవరిలో గ్రీన్ కార్డు పని మొదలుపెట్టింది. వరసలో అతని స్థానం ఆ తేదీయే. దాన్ని ప్రయారిటీ డేట్ అంటారు.

ప్రతి నెలా అమెరికా విదేశాంగ శాఖ వీసా బులెటిన్ వేస్తుంది. ఫలానా తేదీకి ముందు వరసలో చేరినవాళ్ళకి కార్డు ఇస్తామని అందులో ఉంటుంది. 2012 వసంతంలో ఇండియా ఈబీ-2 తేదీ 2010 మే 1 దాకా వచ్చింది. అతని వంతు వచ్చినట్టే! "కార్డు రాగానే నిర్ణయం తీసుకుందాం" అనుకున్నారు. మే బులెటిన్లో తేదీ 2007 ఆగస్టుకి, అక్టోబరుకల్లా 2004 సెప్టెంబరుకి వెనక్కి పోయింది. ఏడాదికి ఉన్న కార్డులు అయిపోతున్నాయి, అందుకని. మామూలు క్యూలో నిలబడితే కనీసం వెనక్కి నడవం. ఆ తేదీ తిరిగి 2010 చేరడానికి 2021 దాకా పట్టింది.

మరి వచ్చేయొచ్చు కదా అంటే, ఆమోదం పొందిన ఐ-140 ఉంటే వరసలో స్థానం మామూలుగా పోదు. కానీ ఆ స్థానాన్ని వాడుకోవాలంటే అక్కడ ఇతన్ని కోరుకునే కంపెనీ అప్పటికీ ఉండాలి. అందుకే "ఇంకో మూడేళ్ళు" అంటాడు. అబద్ధం చెప్పట్లేదు, వీసా ఎన్నాళ్ళుందో అది చదివి చెప్తున్నాడు.

2015 మే 26 నుంచి హెచ్-4 వాళ్ళకి పని అనుమతి వచ్చింది, కానీ అందరికీ కాదు. ముఖ్యమైన షరతు, భాగస్వామికి ఐ-140 ఆమోదం అయివుండటం. అంటే అతను ఎప్పుడొస్తాడో చెప్పలేని దశకి చేరాకే, ఆమె అక్కడ ఉద్యోగం చేసే దారి తెరుచుకుంది. అప్పటికి ఆమె ఇక్కడ టీమ్ లీడ్ అయివుంటుంది. ఇప్పుడు వదులుకోవాల్సింది ఎవరన్నది ఆ జంట మధ్య కొత్త ప్రశ్న.

కాబట్టి "ఎప్పుడొస్తావు?" అని అడగడం వల్ల పెద్దగా తెలిసేది లేదు. "నీ ఐ-140 ఏ ఏడాదిది? ఆ తేదీ రాకపోయినా వస్తావా?" అని అడిగితే తెలుస్తుంది. మొదటిదానికి జవాబు కాగితంలో ఉంటుంది. రెండోదానికి జవాబు ఏ బులెటిన్లోనూ ఉండదు, అతనే చెప్పాలి.