జాడీ అడుగున చీటీ

నా స్నేహితురాలు పంపిన లేబుల్‌ను ఫోన్‌లో పెద్దది చేసి చూస్తున్నాను. ‘స్వచ్ఛ రుచులు’ అని ఎర్రటి అక్షరాలు, కింద మామిడికాయ, కుండ, రోకలి, అరటాకు. పక్కనే నమూనా జాడీ. మూత తీయగానే ఆవఘాటు ముక్కుకెక్కుతోంది. ఆవకాయ అద్భుతంగా ఉంది, బ్రాండే తేలిపోయింది. “ఉన్నదున్నట్టు రాయవే, ప్రింటింగ్‌కి ఇచ్చేస్తున్నా” అంది. ఫోన్‌లో అయితే మొహమాటపడి బాగుందనేస్తాను. అందుకే కాగితం తీశాను.

“చాలా బాగుంది” అని మొదలుపెట్టి కొట్టేస్తాను. ఏది ఉంచుకోవాలో ఆ మాటతో ఆమెకు తెలియదు. జాడీ తిప్పి చూస్తే అడుగున ఆమె చేతిరాతతో చిన్న చీటీ: తోట ఉన్న ఊరు, కాయ కోసిన తేదీ, ఆవకాయ కలిపిన తేదీ. రెండు తేదీల మధ్య ఒక్క రోజే తేడా. నా కలం అక్కడ ఆగుతుంది.

“నీ అసలు బలం ఈ చీటీ. కోసిన మర్నాడే కలిపానని ధైర్యంగా చెప్పగలుగుతున్నావు. దీన్ని మాత్రం వదలకు.”

ఇప్పుడు కష్టమైన భాగం. “పేరు చప్పగా ఉంది” అని రాసి, అదీ కొట్టేస్తాను. మనసు నొచ్చుకోవడం తప్ప దానితో ఆమె చేయగలిగేదేమీ లేదు.

“‘స్వచ్ఛ రుచులు’ తేనెకీ సరిపోతుంది, నెయ్యికీ సరిపోతుంది. అది నీ ఆవకాయను గుర్తుపట్టనివ్వదు. పైగా సరుకు గుణాన్ని మాత్రమే చెప్పే పేరును ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టర్ చేయడానికి 1999 చట్టంలోని సెక్షన్ 9 అడ్డొస్తుంది. మీ అమ్మమ్మను ఊళ్లో పిలిచే పేరు పెట్టి చూడు. ముందు ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ సైట్‌లో 29వ తరగతిలో వెతుకు, పచ్చళ్లు అందులోకే వస్తాయి.

“లేబుల్ మీద నాలుగు బొమ్మలూ తీసేసి, ఆ చోట చీటీ పెట్టు. శాకాహార గుర్తు, బరువు ముందువైపే ఉంచు. కొత్త లేబుల్‌ను నువ్వెవరో తెలియని మనిషికి ఐదు సెకన్లు చూపించి దాచెయ్. ‘ఏదో పచ్చడి’ అంటే ఇంకా కుదరలేదన్నమాట. ఊరో, తేదీయో చెబితే ప్రింటింగ్‌కి ఇవ్వు.”

ఎరుపు రంగు నాకు నచ్చలేదు. రాయాలా? రాస్తాను, కానీ విడిగా: “ఇది నా ఇష్టం మాత్రమే, లోపం కాదు. పట్టించుకోకపోయినా పర్లేదు.” తప్పునూ అభిరుచినీ కలిపేస్తే, ఏది తప్పక మార్చాలో ఆమెకు అంతుపట్టదు.

కాగితాన్ని ఫొటో తీసి పంపుతాను. చాలాసేపటికి జవాబు వస్తుంది. “పేరు విషయం ఆలోచిస్తా. కొంచెం బాధేసిందిలే. కానీ చీటీ లేబుల్ మీదే అచ్చు వేస్తే, వేరే తోట కాయ తెచ్చినప్పుడల్లా మళ్లీ ప్రింట్ చేయించాలా?”

నాకు తట్టని చిక్కు ఇది. కాసేపు ఆలోచించి రాస్తున్నాను: “లేబుల్ మీద చోటు ఖాళీగా వదిలి అచ్చు వేయించు. ఊరూ తేదీలూ ప్రతి విడతకీ నువ్వే చేత్తో రాయి.”