అనారోగ్యంతో ఉద్యోగం మానేస్తే: పీఎఫ్ పెన్షన్, గ్రాట్యుటీలో తేడా ఏమిటి?

మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో పనిచేసే మనిషికైనా, గిద్దలూరు డిపోలో బస్సు నడిపే డ్రైవర్‌కైనా వయసు రాకముందే ఒళ్ళు సహకరించని రోజు రావచ్చు. ఊపిరితిత్తులు దెబ్బతినడం, పక్షవాతం, చూపు పోవడం ఇలా కారణం ఏదైనా, చాలామంది చేసేది ఒక్కటే. రాజీనామా రాసిచ్చి ఇంటికొచ్చేస్తారు. నష్టం అక్కడే మొదలవుతుంది. జీతంలో పీఎఫ్ కోత ఉన్నవారికి మామూలు రిటైర్మెంట్ దారి వేరు, అనారోగ్యంతో తప్పుకునే దారి వేరు.

ఉద్యోగుల పెన్షన్ పథకం 1995 ప్రకారం మామూలు పెన్షన్‌కు 58 ఏళ్ళ వయసు, కనీసం 10 ఏళ్ళ సర్వీసు ఉండాలి. 50 దాటాక ముందుగానే పెన్షన్ అడగొచ్చు. కానీ 58కి ఎన్నేళ్ళు తక్కువైతే ఏడాదికి 4 శాతం చొప్పున అంత కోత పడుతుంది. పూర్తి, శాశ్వత అశక్తత వల్ల వచ్చే పెన్షన్‌కు ఈ మూడు షరతులూ లేవు. వయసు చూడరు, కోత వేయరు, పదేళ్ళ సర్వీసు అడగరు. ఒక్క నెల పెన్షన్ వాటా కట్టి ఉంటే చాలు. కనీస పెన్షన్ నెలకు 1,000 రూపాయలు.

ఒక లెక్క చూద్దాం. పెన్షన్ వాటా లెక్కలోకి వచ్చే జీతం సగటున 12,000, సర్వీసు 14 ఏళ్ళు, వయసు 53 అనుకుందాం. జీతాన్ని సర్వీసుతో గుణించి 70తో భాగిస్తే 2,400 వస్తుంది. ఆ మనిషి ముందస్తు పెన్షన్ అడిగితే అయిదేళ్ళ కోత పడి రెండు వేల లోపే చేతికొస్తుంది. అశక్తత పెన్షన్ అయితే 2,400 పూర్తిగా జీవితాంతం వస్తుంది, ఆ తర్వాత భార్యకు కుటుంబ పెన్షన్ ఉంటుంది.

సర్వీసు తక్కువున్నవారికి తేడా ఇంకా పెద్దది. మూడేళ్ళే పనిచేసిన మనిషి 10-సి ఫారం పెట్టి కొద్దిపాటి డబ్బు ఒకేసారి తీసుకుంటే పెన్షన్ కథ అంతటితో ముగుస్తుంది. అదే మనిషికి అశక్తత పెన్షన్ లెక్క 514 వచ్చినా, కనీసం కింద 1,000 ఇస్తారు. గ్రాట్యుటీకి మామూలుగా అయిదేళ్ళు నిండాలి. జబ్బు లేదా ప్రమాదం వల్ల అంతకుముందు చేస్తున్న పని చేయలేని స్థితిలో ఉద్యోగం ముగిస్తే ఆ అయిదేళ్ళ నియమం వర్తించదు. చివరి జీతం 13,000 అయితే ఏడాదికి 7,500 చొప్పున మూడేళ్ళకు 22,500 రావాలి. ఊరికే రాజీనామా చేస్తే సున్నా.

అయితే ఈ పెన్షన్ ప్రతి జబ్బుకూ రాదు. ఉద్యోగంలో ఉండగానే అశక్తత కలిగి ఉండాలి. పీఎఫ్ కమిషనర్ సూచించిన మెడికల్ బోర్డు ముందు హాజరు కావాలి. అప్పటివరకు చేస్తున్న పనికి ఆ మనిషి శాశ్వతంగా, పూర్తిగా పనికిరాడా అన్నదే బోర్డు చూసే ప్రశ్న. విశ్రాంతితో కోలుకునే జబ్బు అయితే కుదరదు. అందుకే ఎక్స్‌రేలు, డిశ్చార్జి కాగితాలు, మందుల చీటీలు తేదీల వరుసలో దాచుకోవాలి.

కాగితాల దగ్గర రెండు చోట్ల పని చెడుతుంది. యాజమాన్యం ఆన్‌లైన్‌లో ఉద్యోగం ముగిసిన కారణం నమోదు చేసేటప్పుడు 'శాశ్వత అశక్తత' బదులు మామూలుగా మానేసినట్టు పెడితే, తర్వాత 10-డి ఫారంలో అశక్తత పెన్షన్ అడిగినప్పుడు రెండూ పొసగవు. రెండోది పేరు. ఆధార్‌లో 'షేక్' ముందుండి పీఎఫ్‌లో చివరికి వచ్చినా, ఒకచోట పూర్తిగా, మరోచోట పొట్టిగా రాసినా క్లెయిమ్ ఆగిపోతుంది. భార్యాపిల్లల పేర్లకూ ఇదే వర్తిస్తుంది. ఉద్యోగంలో ఉండగానే సరిచేయించుకుంటే యాజమాన్యం సంతకానికి మళ్ళీ తిరగక్కర్లేదు.

ఆర్టీసీ లాంటి ప్రభుత్వ సంస్థల్లో ఇంకో హక్కు కూడా ఉంది. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని తీసేయకూడదని, అదే జీతంతో చేయగలిగిన వేరే పోస్టు ఇవ్వాలని 2016 వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ చెబుతోంది. రంగులు గుర్తించలేడని తప్పించిన ఒక ఆర్టీసీ డ్రైవర్ కేసులో 2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. వేరే పని ఉందేమో చూడకుండా రిటైర్ చేయడం తప్పని, తగిన పోస్టు ఇవ్వాలని చెప్పింది. కాబట్టి 'అన్‌ఫిట్' అని కాగితం చేతికిస్తే ముందు వేరే పోస్టు కోసం రాతపూర్వకంగా అడగాలి, రసీదు తీసుకోవాలి. ఏ పనీ చేయలేని స్థితి అయితేనే పెన్షన్ దారి పట్టాలి. ఏ దారి అయినా, ఆ రెండింటికంటే ముందు రాజీనామా మాత్రం ఇవ్వకూడదు.