బందరు మొగ దగ్గర పోటు లెక్క

మా బందరు ఒకప్పుడు రేవు మీదే బతికింది. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు ఇక్కడ వర్తకం మొదలుపెట్టారు. అంత పేరు మోసిన రేవులోనూ పెద్ద ఓడ ఒడ్డుకు ఆనింది లేదు. మా తీరంలో సముద్రం చాలా దూరం వరకు మెరక. ఓడలు ఎక్కడో లోపల లంగరు వేసుకునేవి, సరుకు చిన్న పడవల మీద ఒడ్డుకు చేరేది.

ఆ మెరకతోనే గిలకలదిండి బోట్లు ఇవాళ్టికీ వేగుతున్నాయి. మొగలో ఇసుక మేట వేస్తుంది. నీళ్లు చాలని వేళ బయల్దేరితే బోటు అడుగు తట్టి ఆగిపోతుంది, మీద పడే అల దాన్ని అడ్డం తిప్పేస్తుంది. అందుకే సరంగు ముందు పోటు చూస్తాడు. పెద్దవాళ్లు తిథిని బట్టి చెప్పేవారు. ఇప్పుడు సర్వే ఆఫ్ ఇండియా ఏటా అచ్చువేసే ఆటుపోట్ల పట్టికలో ఒక పేజీ ఫోటోగా ఫోనుకు వస్తోంది. ఆ ఫోటోను చదవడం తేలికే గానీ, తప్పుగా చదవడం ఇంకా తేలిక.

అమావాస్య దాటిన ఒక రోజు వరుస ఇలా ఉందనుకుందాం: 0251 – 0.2, 0905 – 1.4, 1512 – 0.3, 2118 – 1.5. మొదటి అంకె వేళ, రెండోది మీటర్లు. తెల్లవారుజామున 2:51కి నీరు బాగా తీసి, ఉదయం 9:05కి నిండు పోటు అవుతుంది.

ఇక్కడే చాలామంది తడబడతారు. 0.2 అంటే మొగలో అంతే నీళ్లున్నాయని కాదు. నౌకా పటంలో లోతులు కొలవడానికి ఒక సున్నా మట్టం పెట్టుకుంటారు. నీరు ఇంచుమించు అంతకంటే కిందికి దిగదు. పట్టికలోని అంకె ఆ సున్నా మీద నీరు ఎంత లేచిందో చెబుతుంది. మొగ లోతు మనమే కలుపుకోవాలి. వరదకో తుఫానుకో ఇసుక కదిలిపోతుంది కాబట్టి ఆ లోతును పాత పటంలో వెతికి లాభం లేదు. నీరు తీసిన వేళ, గాలి లేని రోజు, మొగలో బాగా మెరకగా ఉన్న చోట గెడ దించి చూడాలి. గెడ 0.8 మీటరు తడిసి, అప్పటికి పట్టిక 0.2 చూపిస్తే, సున్నా దగ్గర మన లోతు 0.6.

బోటు అడుగు నీటిలోకి 1.2 మీటర్లు దిగుతుంది, అల ఊపుకు ఇంకో 0.2 వదలాలి. మొత్తం 1.4 కావాలి. మొగ 0.6 ఇస్తోంది కాబట్టి పోటు 0.8 ఇవ్వాలి. నీరు ఒకే వేగంతో ఎక్కదు. మొదటి గంటలో కొంచెమే లేస్తుంది, మూడో నాలుగో గంటల్లో ఉరుకుతుంది, చివర మళ్లీ మందగిస్తుంది. 0.2 నుంచి 1.4కి చేరే దారిలో 0.8 సరిగ్గా సగం, అది ఆరు గంటలప్పుడు వస్తుంది. నాలుగున్నరకే ఇంజను వేసినవాడు ఇసుక మీద కూర్చుంటాడు. తిరుగు ప్రయాణం మధ్యాహ్నం పన్నెండు లోపు ముగియాలి. అది దాటితే సాయంత్రం ఆరు దాకా బయటే ఆగాలి.

ఫోటోకు దాని తంటాలు దానికున్నాయి. పైఅంచు కోసేస్తే ఏ రేవో, ఏ నెలో తెలియదు. 3, 8 మసకబారి ఒకేలా కనిపిస్తాయి. ఎక్కువ, తక్కువ ఒకదాని తర్వాత ఒకటి వస్తున్నాయా, మధ్య ఆరు గంటల పైచిలుకు ఉందా, మర్నాటి వేళ ముప్పావు గంటకు కాస్త అటూ ఇటూగా ఆలస్యమైందా అని చూస్తే దొంగ అంకె దొరికిపోతుంది. అన్నిటికన్నా ప్రమాదం, గ్రీనిచ్ వేళలో ఉన్న పట్టిక. అది మన గడియారానికి ఐదున్నర గంటలు వెనక. పోటుకూ పాటుకూ మధ్య దూరం కూడా దాదాపు అంతే కావడంతో, నిండు నీరు ఉండాల్సిన చోట పాటు కనిపిస్తుంది. మా వైపు అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నిండు పోటు తొమ్మిది ప్రాంతంలో వస్తుంది. ఫోటో ఆ రోజున మూడున్నర అంటే దాన్ని నమ్మొద్దు.

పట్టికకు తెలిసింది చంద్రుడూ సూర్యుడే, గాలి తెలియదు. 1864 నవంబరు 1 రాత్రి తుఫాను గాలికి లేచిన ఉప్పెన ఈ ఊళ్లో సుమారు 30 వేల మందిని పొట్టన పెట్టుకుంది. ఏ పట్టికా దాన్ని ముందు చూపలేదు. హైదరాబాదు ఇన్‌కాయిస్ అలల హెచ్చరిక ఇచ్చిన రోజు మొగ లెక్క ఎంత చక్కగా కుదిరినా బోటు కట్టే ఉండాలి.

అష్టమికి వేళలు తారుమారవుతాయి. నిండు పోటు తెల్లవారుజామున మూడు ప్రాంతానికి జరుగుతుంది, అదీ అమావాస్య పోటంత ఎత్తు లేవదు. అమావాస్యకు ఎదురుచూసిన ఆరు గంటలకు నీరు అప్పటికే తీస్తూ ఉంటుంది. ఆ రోజు వేటకు వెళ్లేవాళ్లు నాలుగింటికే మొగ దాటి, మధ్యాహ్నం పోటు నిండే మూడు గంటలకు తిరిగి వస్తారు.