నాలుగు దేశాల టీమ్‌కు ఒకే మీటింగ్: ప్లానర్ చూపేది, చూపనిది

హైదరాబాద్, రియాద్, లండన్, న్యూయార్క్‌లలో ఉంటూ ఒకే టీమ్‌లో పనిచేసేవారికి అందరికీ కుదిరే వేళను చూపించేది మీటింగ్ ప్లానర్. ఊళ్ల పేర్లు ఇస్తే ఒక్కో ఊరికి ఒక వరుస వస్తుంది. డ్యూటీ గంటలు ఒక రంగులో, నిద్రవేళ ఇంకో రంగులో ఉంటాయి. అన్ని వరుసల్లోనూ డ్యూటీ రంగు కలిసిన చోటు వెతుక్కోవాలి.

దీని లెక్క కష్టమేం కాదు. అందరి డ్యూటీ ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకు అనుకుందాం. వేసవిలో మన టైమ్ ప్రకారం రియాద్ డ్యూటీ 11.30కి, లండన్ డ్యూటీ మధ్యాహ్నం 1.30కి మొదలవుతాయి. అందరికంటే ఆలస్యంగా మొదలయ్యేది లండన్, ముందుగా ముగిసేది హైదరాబాద్. కాబట్టి 1.30 నుంచి 6 వరకు ముగ్గురూ దొరుకుతారు.

న్యూయార్క్ చేరితే చిక్కు. అక్కడ ఉదయం 9 అంటే ఇక్కడ సాయంత్రం 6.30. కలిసే గంట ఒక్కటీ ఉండదు. హైదరాబాద్ వాళ్లు అరగంట ఆగి 6.30కి కూర్చుంటే లండన్‌లో 2, రియాద్‌లో 4. ఎవరు ఆగాలో ప్లానర్ చెప్పదు. ప్రతిసారీ ఒకే ఊరివాళ్లు ఆగడం మాత్రం న్యాయం కాదు.

గడియారాలు మార్చుకునే రోజుల్లోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. 2026లో అమెరికా మార్చి 8న, బ్రిటన్ మార్చి 29న గంట ముందుకు జరుపుతాయి. ఇండియా, సౌదీ అసలు మార్చవు. అందుకే ప్లానర్‌లో ఈ రోజు తేదీ కాకుండా మీటింగ్ తేదీ ఇవ్వాలి, ఊరి పేరుతోనే వెతకాలి. EST అని ఎంచుకుంటే కొన్ని ప్లానర్లు వేసవిలోనూ చలికాలం టైమే చూపిస్తాయి.

సెలవుల సంగతి చాలా ప్లానర్లకు తెలియదు. సౌదీలో వారాంతం శుక్ర, శనివారాలు. ఆదివారం మిగతావారికి సెలవు. అంటే కలిసే రోజులు సోమవారం నుంచి గురువారం వరకే.

రంజాన్‌లో సౌదీ చట్టం ప్రకారం ముస్లిం ఉద్యోగుల డ్యూటీ రోజుకు 6 గంటలు మించకూడదు. ప్లానర్ మాత్రం 9 నుంచి 6 అనే చూపిస్తుంది. ఆ వరుసను చేత్తో సరిచేయాలి. రియాద్ డ్యూటీ 10 నుంచి 4 అయితే మన 6.30 మీటింగ్ వాళ్ల డ్యూటీ అయిపోయాక పడుతుంది. మార్చిలో హైదరాబాద్‌లో ఇఫ్తార్ కూడా దాదాపు ఆ వేళకే. 2026 మార్చి 8 తర్వాత మిగిలిన రోజాల్లో న్యూయార్క్ వాళ్లు ఒక గంట ముందుగా, 8కే వస్తే ఇక్కడ 5.30, రియాద్‌లో 3, లండన్‌లో మధ్యాహ్నం 12. అరగంటలో ముగిస్తే హైదరాబాద్ వాళ్లు 6కి ఆఫీసు నుంచి బయటపడొచ్చు.