కెమెరా కోణం: కింది నుంచి, నడినెత్తి నుంచి, ఆకాశం నుంచి

కెమెరాను ఎంత ఎత్తున పెట్టారు, ఎటు వంచారు అన్నదే కెమెరా కోణం. చదును నేల మీద దిగంత రేఖ ఎప్పుడూ లెన్సు ఎత్తులోనే పడుతుంది. నిలబడి తీస్తే అది ఎదుటి మనిషి కళ్ల మీదుగా పోతుంది. మోకాలి ఎత్తు నుంచి తీస్తే అతని మోకాళ్ల దగ్గరికి దిగి, పైభాగమంతా ఆకాశంలో నిలుస్తుంది. లో యాంగిల్‌లో మనిషి గంభీరంగా కనిపించడానికి సగం కారణం ఇదే. నిట్టనిలువుగా కిందికి చూస్తే అసలు దిగంతమే ఉండదు.

పలకల కెమెరాల కాలంలో బరువైన పెట్టెను స్టాండు మీద నిలపాల్సి వచ్చేది కాబట్టి ఎత్తు పెద్దగా మారేది కాదు. అయినా 1858లో ఫొటోగ్రాఫర్ నాడార్ పారిస్ సమీపంలో బెలూన్ ఎక్కి ఫొటోలు తీశాడు. అవి దొరకడం లేదు. ఆకాశం నుంచి తీసిన చిత్రాల్లో ఇప్పటికి మిగిలిన పాతది 1860లో జేమ్స్ వాలెస్ బ్లాక్ తీసిన బోస్టన్ నగర చిత్రం. 1925లో లైకా లాంటి చేతి కెమెరా అమ్మకానికి వచ్చాక కోణం ఫొటోగ్రాఫర్ ఇష్టానికి వచ్చింది. మాస్కోలో ఫొటోగ్రాఫర్ రోద్చెంకో మేడల్ని కింది నుంచీ, వీధిని బాల్కనీ నుంచీ తీసి, బొడ్డు ఎత్తు నుంచి తీసే అలవాటును ఎద్దేవా చేశాడు.

తెలుగులో ఈ స్వేచ్ఛ ఎక్కువగా కనిపించింది రామ్‌గోపాల్ వర్మ సినిమాల్లో. ఎస్. గోపాలరెడ్డి ఛాయాగ్రహణంతో వచ్చిన 'శివ' (1989)లో స్టెడీకామ్ వాడారు. 2011 నాటి 'దొంగల ముఠా'ను కానన్ 5డి స్టిల్ కెమెరాలతో అయిదు రోజుల్లో తీశారు. చిన్న కెమెరా ఎక్కడికైనా దూరుతుంది. దూరిన ప్రతిచోటా కథకు పని ఉండాలని లేదు.

నడినెత్తి కోణాన్ని (ఫ్లాట్ లే) తిరువూరు మామిడికాయలతో చూడవచ్చు. గోనెపట్టా మీద పరిచిన కాయల్ని సరిగ్గా పైనుంచి తీస్తే రంగు, ఆకారం, వరస బాగా తెలుస్తాయి, గుండ్రదనం మాత్రం పోతుంది. దాన్ని తిరిగి తెచ్చేది పక్క వెలుతురు: కిటికీ ఒక పక్కన ఉంటే ప్రతి కాయకూ రెండో పక్క నీడ పడుతుంది. లైటు వెనక ఉంటే ఫొటోగ్రాఫర్ నీడే కాయల మీద వాలుతుంది. పట్టా అంచులు ఒకవైపు దగ్గరపడుతున్నాయంటే ఫోను ఒరిగినట్టు. మరీ దగ్గర నుంచి తీస్తే మూలల్లోని కాయలు సాగినట్టు వస్తాయి. స్టూలెక్కి కొంచెం జూమ్ చేస్తే సరి.

ఆ కాయలు కాసిన తోటను డ్రోన్‌తో తీస్తే విహంగ వీక్షణం. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం గ్రీన్ జోన్‌లో 120 మీటర్ల ఎత్తు వరకు ఎగరేయవచ్చు. కెమెరాను పూర్తిగా కిందికి దించితే చెట్ల వరసలు, చచ్చిన చెట్ల ఖాళీలు లెక్కపెట్టేంత స్పష్టంగా వస్తాయి గానీ, చెట్టు ఎత్తు తెలియదు. మధ్యాహ్నం నీడలు చెట్ల కిందే దాక్కుంటాయి. పొద్దున్న ఏటవాలు ఎండలో తీస్తే నీడలు పక్కకు సాగి, ఏ చెట్టు ఎత్తో, ఏది గున్నో చూపిస్తాయి.