ముంగట ఉన్నరు

మాఘమాసం దాటిందంటే నందిపేట్ చుట్టుపక్కల ఊళ్లలో రాత్రిపూట కళ్లాల కాడ కాపలా ఉంటుంది. ఉడకబెట్టిన పసుపు కొమ్ములు గలగలమనేదాకా ఆరాలంటే పది పదిహేను రోజులు పడుతుంది. ఆ రోజులన్నీ పట్టాలు కప్పి, మంచం వేసుకుని అక్కడే పడుకోవాలి. ఇప్పుడా మంచాల మీద పిల్లల చేతుల్లో ఫోన్లు వెలుగుతుంటాయి. మొన్న మా మేనల్లుడు “అరే, ముంగట ఉన్నరు, పండుకో పండుకో!” అని అరిస్తే దొంగలు పడ్డారేమోనని నేను లేచి కూర్చున్నాను. వాడు ఆడుతున్నది బీజీఎంఐ. ఫోన్‌లోంచి అదే మాట ఇంగ్లిష్‌లో వినపడింది: “ఎనెమీస్ అహెడ్.”

ఆట ఒకటే అయినా దేశం మారితే దాని పేరు, పరిహాసం, చావు కూడా మారతాయి. అది చూడాలంటే ఈ ఆట కథనే చెప్పుకోవాలి.

దీని అసలు పేరు పబ్జీ. 2017లో కంప్యూటర్ మీదికి, 2018లో ఫోన్ల మీదికి వచ్చింది. వంద మంది ఒక దీవిలో దిగుతారు, చివరికి మిగిలినవాడు గెలుస్తాడు. ఆ దీవి పేరు ఎరాంగెల్. ఆట రూపకర్త బ్రెండన్ గ్రీన్ తన కూతురు ఎరిన్ పేరు కలిసేలా పెట్టిన పేరది. దీవి నడుమ ఉన్న ఊరు పోచింకి, రష్యా ఊళ్లకుండే పేరు. చైనా పిల్లలు దాన్ని పలకలేక ‘పీ నగరం’ చేసుకున్నారు. మన పిల్లలకు మాత్రం పోచింకి, పోచంపాడు ఒక్క తీరుగానే పలుకుతాయి కాబట్టి ఆ పేరును ఎవరూ ముట్టుకోలేదు.

పేర్లు మార్చడం తేలిక. పరిహాసం దగ్గరే అసలు చిక్కు. గెలిచినవాడికి తెర మీద ‘విన్నర్ విన్నర్ చికెన్ డిన్నర్’ అని పడుతుంది. ఇది అమెరికా జూదరుల నోట నలిగిన మాట. విన్నర్‌కు డిన్నర్‌తో ప్రాస కలవడమే అందులోని సరదా, కోడికి ఆటతో సంబంధమేమీ లేదు. దీన్ని ఉన్నదున్నట్టు తర్జుమా చేస్తే ‘విజేతా విజేతా కోడికూర భోజనం’ అవుతుంది. అందులో ప్రాస లేదు, నవ్వూ లేదు. చైనా అనువాదకులు మాట వదిలేసి సరదాను పట్టుకున్నారు. వాళ్ల పండుగ దీవెనల్లో ‘దా జీ దా లీ’ అనేదొకటుంది, మహా శుభం, మహా లాభం అని అర్థం. అందులోని ‘జీ’ అంటే శుభం. చైనీస్‌లో కోడిని కూడా, స్వరం మార్చి, ‘జీ’ అనే అంటారు. దాంతో ‘మహా శుభం, మహా లాభం, ఈ రాత్రికి కోడి తింటాం’ అనే వాక్యం పుట్టింది. అది ఎంత అతికిందంటే, అక్కడ ఈ తరహా ఆటలన్నిటికీ ‘కోడి తినడం’ అనే పేరు స్థిరపడింది. పాత చిరునవ్వును పోగొట్టి కొత్తది పుట్టించడమే మంచి అనువాదమని నేను నమ్మడానికి ఈ ఒక్క వాక్యం చాలు.

అదే చైనాలో చావు సంగతి చూడండి. అక్కడ ఈ ఆట మీద డబ్బు వసూలు చేసుకునేందుకు సర్కారు అనుమతి దొరకలేదు. 2019 మే 8న పాత ఆటను ఆపి, దాని చోట ‘శాంతి వీరులు’ అనే అర్థమొచ్చే పేరుతో మరో రూపం తెచ్చారు. ఆటగాళ్లు కూడబెట్టుకున్నవన్నీ అందులోకి వచ్చేశాయి. మారింది కథ. ఇప్పుడది ఉగ్రవాదుల మీద పోరుకు సైనిక శిక్షణ. తూటా తగిలినవాడు నెత్తురు కార్చడు. మోకాళ్ల మీద కూర్చుని, తన సామాన్ల పెట్టె అప్పగించి, చెయ్యి ఊపి వెళ్లిపోతాడు.

మన దగ్గర 2019 మార్చిలో రాజ్‌కోట్ పోలీసులు ఈ ఆట ఆడినందుకు కొందరు కుర్రాళ్లను అరెస్టు చేశారు. 2020 సెప్టెంబర్ 2న కేంద్రం నిషేధించింది, కానీ అది దేశ భద్రత పేరు మీద, నెత్తురు చూసి కాదు. 2021 జులై 2న బీజీఎంఐ అనే కొత్త పేరుతో తిరిగొచ్చినప్పుడు మాత్రం తల్లిదండ్రుల భయాలు కూడా లెక్కలోకి వచ్చాయి. నెత్తురు పచ్చగా మారింది. ‘కిల్’ పోయి ‘ఫినిష్’ వచ్చింది. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు రోజుకు మూడు గంటలే ఆట అన్నారు.

పచ్చరంగుతో నాకు పేచీ లేదు. మాటను మార్చడం మాత్రం అనవసరం అనిపిస్తుంది. మన చెడుగుడులో తరతరాలుగా ‘చచ్చిండు’, ‘బతికిండు’ అనే అంటున్నాం. ఆ మాటతో ఏ పిల్లవాడూ చెడిపోలేదు.

సరే, రేపు ఎవరైనా ఇలాంటి ఆటను తెలుగు చేయబోతే ఏమవుతుంది? ఫలానావాడు ఫలానావాడిని చంపాడు అని తెర మూలన పడే ఒక్క వరుస తీసుకుందాం. ఇంగ్లిష్‌లో రెండు పేర్ల నడుమ ఒక క్రియ పెడితే అయిపోతుంది. తెలుగులో చచ్చినవాడి పేరుకు విభక్తి తగలాలి. ఇకారంతో ముగిస్తే ‘రవిని’, అకారంతో ముగిస్తే ‘సీతను’. పిల్లలు పెట్టుకునే పేర్లేమో `Raja7` లాంటివి. చివరి అంకెను ఏడు అని చదవాలా, సెవెన్ అనా? ఆటకు తెలియదు. చంపింది అబ్బాయో అమ్మాయో తెలియదు కాబట్టి ‘చంపాడు’ అనాలో ‘చంపింది’ అనాలో కూడా తేలదు. తెలిసిన అనువాదకుడు ఇక్కడ క్రియనే తీసేస్తాడు:

```
%1$s killed %2$s
%2$s ఔట్ - %1$s చేతిలో
```

‘చేతిలో’ విడిగా నిలబడుతుంది, పేరు చాలావరకు ఎలా ముగిసినా, ఆడైనా మగైనా ఒకటే. పైగా ‘ఔట్’ మన పిల్లల సొంత మాట. అయితే పేర్ల వరుస తిరగబడింది చూడండి. ప్రోగ్రామర్ 1, 2 అని అంకెలు వేసి ఉంటేనే ఇది కుదురుతుంది. అంకెల్లేకుండా ఉత్త `%s` రెండు సార్లు రాసి ఉంటే చంపినవాడే చచ్చినట్టు తెర మీద పడుతుంది. ఇంకో తంటా అక్షరాలది. కొన్ని గేమ్ ఇంజన్లకు ఒత్తులు కలపడం రాదు. ‘శత్రువు’లో రావత్తు తకారం కింద ఒదగక, పొల్లుతో విడిపోయి ‘శత్‌రువు’లా కనపడిందంటే తప్పు అనువాదకుడిది కాదు, ఇంజన్‌ది.

ఇక గొంతు. సినిమా డబ్బింగ్‌లో ప, బ, మ లాంటి పెదవులు మూతపడే అక్షరాలు చూసుకుని మాటలు రాస్తారు. కథ నడిచే ఆటల్లో ముఖం దగ్గరగా చూపించినప్పుడు అదే లెక్క. పోరాటపు ఆటలో ఆ బాధ లేదు, అక్కడ కొలత కాలమే. ‘ఎనెమీస్ అహెడ్’ ఐదు అక్షరాల ఉచ్చారణ. పుస్తకాల తెలుగులో ‘ముందర శత్రువులున్నారు’ అంటే తొమ్మిది. అది పూర్తయ్యేలోపు తూటా తగులుతుంది. మా వాడి నోట కలిసిపోయిన ‘ముంగటున్నరు’ లెక్కపెట్టాను. సరిగ్గా ఐదు. శత్రువు అనే మాటే లేదు, ‘ఉన్నరు’లోనే వాళ్లున్నారు.

కానీ ఆ గొంతు నిజామాబాద్‌ది. అది గుంటూరు పిల్లవాడి ఫోన్‌లో మోగితే? అతడు నవ్వుతాడు, భయపడాల్సిన చోట. ముక్కూమొహం తెలియని జట్టువాడిని ‘రా’ అనాలా, ‘అన్నా’ అనాలా అన్నదీ తేల్చుకోవాలి. ఇంగ్లిష్ గొంతు ఆ ప్రశ్నే రానివ్వదు. ఒకసారి తెలుగు గొంతు పెట్టాక ఆటగాడికి పక్కనున్నవాడు ఏ ఊరివాడో, తనకంటే పెద్దవాడో చిన్నవాడో కూడా వినపడుతుంది.

మా మేనల్లుడిని అడిగాను, నువ్వే గొంతిస్తే ఏమంటావురా అని. ఫోన్ మీంచి కళ్లు తీయకుండానే చెప్పాడు. “తోటోడైతే ‘పండుకో’ అంట మామా. ఎర్కలేనోడైతే ‘పండుకో అన్నా’ అంట.” రెండోది పలకడానికి ఎక్కువసేపు పడుతుంది కదరా అన్నాను. “పడితే పడనీ,” అన్నాడు.